పేరు రాయకపోయినా దొరికిపోతారు: వలస కార్మికుల సర్వేలో గోప్యత జారిపోయే చోట్లు

ఫ్యాక్టరీకి సర్వే బృందం వస్తుంది. హెచ్ఆర్ విభాగం ఇచ్చిన జాబితాలోంచి 25 మంది విదేశీ కార్మికులను ఎంచుకుంటుంది. క్యాంటీన్ పక్కన ఖాళీ గదిలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఈ ఉద్యోగం కోసం ఎవరికి ఎంత కట్టారో, హాస్టల్ ఎలా ఉందో అడుగుతుంది. కాగితం మీద పేరు రాయరు, పాస్‌పోర్టు నంబరు అడగరు. "మీరు చెప్పింది ఎవరికీ తెలియదు" అని ముందే మాట ఇస్తారు. అయినా సాయంత్రానికల్లా ఎవరు నోరు విప్పారో సూపర్‌వైజర్‌కు తెలిసిపోతుంది. అతను ఏ కాగితమూ చూడక్కర్లేదు, గోడ మీద గడియారం చాలు. "డబ్బు కట్టలేదు" అన్న వ్యక్తి ఆరు నిమిషాల్లో బయటికి వచ్చాడు. "కట్టాను" అన్న వ్యక్తికి ఎవరికి, ఎప్పుడు, ఎంత, అప్పు ఎక్కడ తెచ్చావు అని ఇంకో పద్దెనిమిది ప్రశ్నలు పడ్డాయి, అతను బయటికి రావడానికి అరగంట పట్టింది.

ఇలాంటి సర్వేల్లో గోప్యతను దెబ్బతీసేవి చాలావరకు పేర్లు కావు. ఎవరిని పిలిచారు, ఎంతసేపు కూర్చున్నారు, నివేదికలో ఏ గడిలో ఏ అంకె వచ్చింది, చివరికి డబ్బు ఎవరి ఖాతాలో పడింది అనే జాడలు. మలేసియాలో పనిచేసే నేపాలీ కార్మికుల ఉదాహరణ తీసుకుంటే ఈ జాడలన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి.

సున్నా అనే జవాబు ఎక్కడి నుంచి వస్తుంది

నేపాల్ ప్రభుత్వం 2015లో "ఉచిత వీసా, ఉచిత టికెట్" విధానం తెచ్చింది. దాని ప్రకారం గల్ఫ్ దేశాలకూ మలేసియాకూ వెళ్లేవారి నుంచి మ్యాన్‌పవర్ కంపెనీ 10,000 నేపాలీ రూపాయలకు మించి తీసుకోకూడదు. 2018 అక్టోబర్‌లో రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం ఇంకో అడుగు ముందుకు వేసి నియామక రుసుము, విమాన టికెట్, వీసా, వైద్య పరీక్ష ఖర్చులను యజమాని మీద పెట్టింది. కాబట్టి అంతకు మించి వసూలు చేసే ఏజెంటు ఆ సంగతి కాగితం మీదికి రానివ్వడు. రసీదు 10,000కే ఇస్తాడు, మిగతాది చేతికి చేతే. "నేను ఇంకేమీ కట్టలేదు" అని సంతకం కూడా తీసుకుంటాడు. విమానం ఎక్కేముందు ఏజెంటు మనిషి, దిగాక హాస్టల్ పెద్ద ఒకే మాట నేర్పుతారు: ఎవరడిగినా ఏమీ కట్టలేదనో, పదివేలే కట్టాననో చెప్పు, లేకపోతే వీసా పోతుంది.

వీసా పోతుందన్నది ఉత్త బెదిరింపు కాదు. మలేసియాలో విదేశీ కార్మికుడి తాత్కాలిక పని పాసు ఒకే యజమానికి ముడిపడి ఉంటుంది, దాన్ని ఏటా పునరుద్ధరించుకోవాలి. ఎవరినీ తిట్టకుండా, కొట్టకుండా, ఉద్యోగం నుంచి తీసేశామని కూడా చెప్పకుండా, ఆ పునరుద్ధరణను పక్కన పెడితే చాలు. అప్పు తీరకుండానే మనిషి ఇంటికి వెళ్లాల్సి వస్తుంది. వెరిటే సంస్థ 2014లో మలేసియా ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలో 501 మంది కార్మికులతో మాట్లాడి చేసిన అధ్యయనంలో 28 శాతం మంది నిర్బంధ శ్రమ పరిస్థితుల్లో ఉన్నట్టు తేలింది. విదేశీ కార్మికుల్లో అత్యధికులు రుసుములు కట్టినవారే, పాస్‌పోర్టు తమ దగ్గర లేనివారే. ఇతరుల పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం మలేసియా చట్టం ప్రకారం నేరమైనా ఈ పరిస్థితి ఉంది. ఫ్యాక్టరీ లోపల జరిగిన సర్వేలో అందరూ "సున్నా" అన్నారంటే తరచూ తెలిసేది ఒక్కటే, పాఠం బాగా నేర్పారని.

నేర్పిన జవాబును గుర్తుపట్టవచ్చు. వేర్వేరు సంవత్సరాల్లో, వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినవారు ఒకే అంకెను ఒకే మాటల్లో చెబుతారు. అసలైన జ్ఞాపకం అలా ఉండదు. ఒకరు సుమారుగా చెబుతారు, ఒకరు విడతలుగా చెబుతారు, ఇంకొకరు "నాన్న కట్టాడు, నాకు సరిగా తెలియదు" అంటారు. చెల్లింపుల జవాబుల్లో అసలు తేడాలే లేకపోతే ఆ సమాచారాన్ని పక్కన పెట్టి, మనుషులను వేరే చోట కలవాలి.

ఎక్కడ కలవాలి, ఎలా ఎంచుకోవాలి

లెక్క కోసం ఒక ఫ్యాక్టరీని ఊహించుకుందాం. అందులో 420 మంది విదేశీ కార్మికులు ఉన్నారు: నేపాల్ నుంచి 230, బంగ్లాదేశ్ నుంచి 160, మయన్మార్ నుంచి 30. సర్వే చేయించేది వీళ్ల దగ్గర సరుకు కొనే విదేశీ కంపెనీ. కొనుగోలుదారులకు ఈ పట్టింపు ఊరికే రాలేదు. 2020 జులైలో అమెరికా కస్టమ్స్ శాఖ నిర్బంధ శ్రమ ఆరోపణలతో మలేసియా కంపెనీ టాప్ గ్లోవ్ అనుబంధ సంస్థల చేతి తొడుగుల దిగుమతిని ఆపింది. కార్మికులకు నియామక రుసుములు తిరిగి చెల్లించడం లాంటి దిద్దుబాట్లు జరిగాక, 2021 సెప్టెంబర్‌లో గానీ ఆ ఆంక్ష తొలగలేదు.

హెచ్ఆర్ జాబితా నుంచి ఎంచుకుంటే, ఎవరిని ఎంచుకున్నామో హెచ్ఆర్‌కు తెలుస్తుంది. ఆ తర్వాత ఎంత జాగ్రత్త పడినా ఉపయోగం తక్కువ. అందుకే సెలవు రోజున ఫ్యాక్టరీకి దూరంగా కలవడం మేలు. ఇంటికి డబ్బు పంపే కౌంటర్లు, ప్రార్థనా స్థలాలు, కార్మికులు వారానికోసారి సరుకులు కొనే వీధులు ఇందుకు పనికొస్తాయి. మొదట కలిసిన కొద్దిమంది తమకు తెలిసిన ఇంకొందరికి కబురు చెబితే గొలుసు పెరుగుతుంది. అయితే ఒక్కొక్కరు ఇద్దరు ముగ్గురికి మించి పంపకుండా పరిమితి పెట్టాలి, లేకపోతే ఒకే ఊరివాళ్లు, ఒకే ఏజెంటు ద్వారా వచ్చినవాళ్లు నమూనా అంతా నిండిపోతారు. ఎవరు ఎవరిని పంపారన్నది కూడా రహస్యమే. ఆ గొలుసును కూపన్ నంబర్లతో నడపాలి, పేర్లతో కాదు.

ఈ పద్ధతికి ఒక పెద్ద లోపం ఉంది. సెలవు రోజున బయటికి రాగలిగినవాడే సర్వేకు దొరుకుతాడు. పాస్‌పోర్టు లాక్కున్నవాడు, గేటు దాటాలంటే అనుమతి కావాల్సినవాడు, ఆదివారం కూడా ఓవర్‌టైమ్ చేయాల్సినవాడు బయట కనిపించడు. అంటే అసలు పరిస్థితి సర్వే చూపించిన దానికంటే ఘోరంగా ఉండే అవకాశం ఎక్కువ. ఈ లోటును కొంత పూడ్చాలంటే సెలవు మీదనో, పని మానేసో స్వదేశం వెళ్లినవారిని అక్కడే కలవాలి. వాళ్లకు యజమాని భయం తక్కువ, కాగితాలు ఇంట్లోనే ఉంటాయి, అప్పు సంగతి తెలిసిన కుటుంబం పక్కనే ఉంటుంది.

ఫోన్ సర్వే సులువైనదిగా కనిపిస్తుంది గానీ హాస్టల్ గదిలో ఎనిమిది మంది మధ్య ఫోన్ మాట్లాడటం ఏకాంతం కాదు. సమయాన్ని కార్మికుడే నిర్ణయించుకోవాలి, ప్రశ్నలు అవును, కాదు, అంకె అనే జవాబులతో సరిపోవాలి. "రుసుము కింద ఎంత కట్టారు?" అని అడిగితే అతను నోటితో చెప్పే అంకె పక్క మంచం మీదివాడికి వినిపిస్తుంది. "నేను కొన్ని అంకెలు చదువుతాను, మీది వచ్చినప్పుడు ఆ అని చెప్పండి" అంటే వినేవాళ్లకు ఏమీ అర్థం కాదు. మధ్యలో ఎవరైనా వస్తే వాడటానికి ఒక మామూలు మాటను ముందే అనుకోవాలి. "అమ్మకు ఒంట్లో ఎలా ఉంది?" అని అతను అడిగితే ప్రశ్నలు ఆగిపోయి కబుర్లు మొదలవ్వాలి. సర్వే లింకును హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. ఆ గ్రూపులో హాస్టల్ పెద్ద ఉంటాడు, చాలాసార్లు ఏజెంటు మనిషి కూడా ఉంటాడు. కృతజ్ఞతగా ఫోన్ రీఛార్జ్ చేయించినా, వచ్చే మెసేజ్‌లో సర్వే సంస్థ పేరు కనిపించకూడదు.

ఫ్యాక్టరీ లోపలే చేయక తప్పని పరిస్థితిలో, ఎంపిక చేసిన కొందరిని కాక ఒక షిఫ్టు మొత్తాన్ని పిలవాలి. ప్రశ్నావళి ఏ జవాబు చెప్పినా ఒకే పొడవులో ఉండేలా రాయాలి. "అవును" అన్నవాడికి చెల్లింపుల గురించి పన్నెండు ప్రశ్నలు ఉంటే, "కాదు" అన్నవాడికి తిండి, నీళ్లు, బస్సు, ఆరోగ్యం గురించి పన్నెండు ప్రశ్నలు ఉండాలి. మాటలు ముందే అయిపోయినా ఇరవై ఐదు నిమిషాలు నిండేదాకా ఎవరినీ బయటికి పంపకూడదు. సంతకం తీసుకోకూడదు, చేతికి ఏ చీటీ ఇవ్వకూడదు, సమ్మతి నోటిమాటతోనే తీసుకోవాలి. దుబాసీని ఫ్యాక్టరీ నుంచి గానీ ఏజెన్సీ నుంచి గానీ తీసుకుంటే ఈ ఏర్పాట్లన్నీ వృథా.

డబ్బు గురించి అడిగే తీరు

"నియామక రుసుము కట్టారా?" అన్న ప్రశ్నకు నేర్పిన జవాబు సిద్ధంగా ఉంటుంది. పైగా నిజాయితీగా చెప్పాలనుకున్నవారికి కూడా రుసుము అంటే రసీదు ఉన్నదే అనిపిస్తుంది. ఊరి దళారికి ఇచ్చింది వాళ్ల దృష్టిలో రుసుము కాదు, సాయం చేసినందుకు ఇచ్చిన డబ్బు. అందుకే అప్పుతో మొదలుపెట్టాలి. ఈ ప్రయాణం కోసం ఇంట్లోవాళ్లు అప్పు చేశారా, ఎంత, నెలకు వడ్డీ ఎంత, ఇంకా ఎంత బాకీ ఉంది? పాఠం నేర్పినవాళ్లు దీనికి జవాబు నేర్పించి ఉండరు. మూడు నెలల జీతమంత అప్పు ఉండి, చెల్లింపు మాత్రం పదివేలే అంటే ఎక్కడో తేడా ఉంది. ఆ అప్పులో కొంత ఇంటి ఖర్చుకు, పెళ్లికి పోయి ఉండవచ్చు కాబట్టి ప్రయాణానికి ఎంత వాడారో కూడా అడగాలి.

తర్వాత ప్రయాణాన్ని మెట్టు మెట్టుగా నడిపించాలి. మొదట ఎవరు చెప్పారు, అతనికి ఏమైనా ఇచ్చారా? పట్నంలో ఎన్ని రాత్రులు ఉన్నారు, ఎన్నిసార్లు వెళ్లాల్సి వచ్చింది? వైద్య పరీక్షకు డబ్బు ఎవరు పెట్టారు? విమానం ఎక్కే రోజున చేతికి ఎంత ఇచ్చారు? మొత్తం ఎంతయిందని అడిగితే గుర్తుకురాని ఖర్చులు ఇలా అడిగితే బయటికి వస్తాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నాటి నిర్వచనం ప్రకారం ఏజెంటుకు ఇచ్చిన రుసుముతో పాటు వైద్య పరీక్ష, బీమా, నైపుణ్య పరీక్షలు, శిక్షణ, పనిముట్లు, ప్రయాణం, బస, కాగితాల ఖర్చులన్నీ నియామక వ్యయాలే.

ఒక లెక్క చూద్దాం. ఊరి దళారికి 45,000 నేపాలీ రూపాయలు, మ్యాన్‌పవర్ కంపెనీకి 85,000 (రసీదు 10,000కే), వైద్య పరీక్షకు 5,000, శిక్షణ, బీమాకు 5,000, ప్రయాణం, బసకు 10,000. మొత్తం 1,50,000. మొదటి నెల జీతం 1,500 రింగిట్లు, రింగిట్‌కు 30 నేపాలీ రూపాయలు అనుకుంటే 45,000. వ్యయాన్ని మొదటి ఉద్యోగపు నెల ఆదాయంతో భాగిస్తే 3.3 వస్తుంది, అంటే మూడు నెలల పైచిలుకు జీతం. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లోని 10.7.1 సూచిక అడిగేది ఈ నిష్పత్తినే. ఇందులో 1,20,000 నెలకు నూటికి మూడు వడ్డీకి తెచ్చిన అప్పయితే, నెలకు 3,600 చొప్పున 14 నెలల్లో 50,400 వడ్డీ అవుతుంది. అది కలిస్తే నిష్పత్తి 4.4 దాటుతుంది. వడ్డీని వేరే వరుసలో రాసుకోవాలి, మొదటి మొత్తంలో కలిపేస్తే వేరే సర్వేలతో పోల్చడం కుదరదు. డబ్బును కార్మికుడు చెప్పిన కరెన్సీలోనే, ఇచ్చిన నెలతో సహా రాసి, మార్పిడి తర్వాత చేయాలి. సర్వే చేస్తూనే మనసులో మార్చి రాసిన అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు.

కొన్ని ప్రశ్నలకు ఎంత ఏకాంతంలోనైనా జవాబు రాదు. ఉదాహరణకు "కట్టలేదని అబద్ధం చెప్పమని మీకు ఎవరైనా చెప్పారా?" అన్నది. దీనికి పాచిక పద్ధతి ఉంది. గణాంకవేత్త స్టాన్లీ వార్నర్ 1965లో ప్రతిపాదించిన ఆలోచన నుంచి పుట్టిన రూపం ఇది. కార్మికుడు ఎవరికీ చూపించకుండా పాచిక వేస్తాడు. ఒకటి పడితే నిజం ఏదైనా "అవును" అంటాడు, ఆరు పడితే "కాదు" అంటాడు, మిగతా నాలుగు అంకెల్లో ఏది పడినా నిజం చెబుతాడు. అతను "అవును" అన్నాడంటే అది పాచిక మాటో నిజమో అడిగినవారికి కూడా తెలియదు.

120 మందిలో 68 మంది "అవును" అన్నారనుకుందాం. పాచిక వల్ల "అవును" అన్నవారు సుమారు 20. నిజం చెప్పాల్సిన 80 మందిలో మిగిలిన 48 మంది "అవును" అన్నట్టు. అంటే 60 శాతం. ఈ రహస్యానికి మనం చెల్లించే ధర కచ్చితత్వం. నేరుగా అడిగి నిజం రాబట్టగలిగితే పొరపాటు హద్దు అటూ ఇటూ 9 పాయింట్లు ఉండేది, ఈ పద్ధతిలో 13 దాకా వెళుతుంది. కాబట్టి ఒకటి రెండు ప్రశ్నలకే దీన్ని వాడాలి. బాగా భయపడినవాడు పాచిక ఒకటి చూపించినా "కాదు" అంటాడు. మొత్తం "అవును"లు 20 కంటే బాగా తక్కువగా వస్తే జరిగింది అదే. అప్పుడు ఆ ప్రశ్న ఫలితాన్ని ప్రకటించకూడదు.

హాస్టల్ గదిని కొలిచేటప్పుడు

వసతి గురించి "బాగుందా?" అని అడిగితే "బాగుంది" అంటారు. లెక్కపెట్టగలిగినవి అడగాలి. నిన్న రాత్రి ఈ గదిలో ఎంతమంది పడుకున్నారు? మీరు షిఫ్టులో ఉన్నప్పుడు మీ మంచం మీద వేరొకరు పడుకుంటారా? ఉదయం మరుగుదొడ్డి కోసం ఎంతసేపు ఆగుతారు? మలేసియాలో కార్మికుల వసతి చట్టం కింద 2020లో వచ్చిన నిబంధనలు డార్మిటరీలో మనిషికి కనీసం 3 చదరపు మీటర్ల పడక స్థలం, 15 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలంటాయి. ఆరు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న గదిలో ఎనిమిది మంది ఉండవచ్చు. పన్నెండు మంది ఉంటే మనిషికి రెండు చదరపు మీటర్లే. మంచాలు ఎనిమిదే కనిపించినా దిండ్లు, పెట్టెలు పన్నెండు ఉంటే రెండు షిఫ్టులవాళ్లు ఒకే మంచం పంచుకుంటున్నారని అర్థం.

ఇక్కడా జాడ మిగులుతుంది. "14వ నంబరు గదిలో నీళ్లు రావడం లేదని చెప్పారు" అని రాస్తే అనుమానం పన్నెండు మందికే పరిమితమవుతుంది. కంటికి కనిపించేవాటిని బృందమే అన్ని గదులూ తిరిగి కొలవాలి. అప్పుడు ఆ సమాచారం టేపు చెప్పిందవుతుంది, ఎవరో చెప్పింది కాదు. నోటితో చెప్పినవాటిని గది స్థాయిలో కాక భవనం స్థాయిలో మాత్రమే రాయాలి.

ఫోన్‌లో, ఫైళ్లలో మిగిలేది

సర్వే ఫోన్ గేటు దగ్గర ఎవరైనా లాక్కున్నా అందులో ఏమీ చదవలేని స్థితి ఉండాలి. ఫోన్‌లో సర్వే జవాబులు నింపే ఓడీకే అనే సాఫ్ట్‌వేర్ ఫారాల్లో సెట్టింగ్స్ షీట్‌లో `public_key` పెడితే, పూర్తిచేసి ముగించిన జవాబులు ఆ ఫోన్‌లోనే గుప్తలిపిలోకి మారతాయి. వాటిని తెరిచే తాళం ఫోన్‌లో ఉండదు. సగం నింపి డ్రాఫ్టుగా వదిలేసిన ఫారం మాత్రం మామూలుగానే ఉంటుంది. కాబట్టి ఒకరితో మాట్లాడటం అయిపోగానే ఫారం ముగించాలి. ఫారంలో `geopoint`, `deviceid`, `phonenumber` అడగకూడదు. `start`, `end` సమయాలు కూడా అవసరం లేకపోతే తీసేయాలి. గేటు రిజిస్టర్‌లో ఉన్న సమయంతో వాటిని పోలిస్తే పేరు బయటపడుతుంది. మళ్లీ పిలవడానికి ఫోన్ నంబర్లు తీసుకుంటే అవి జవాబులున్న చోట కాక వేరే ఫైలులో, వేరే మనిషి దగ్గర ఉండాలి.

నివేదిక పట్టికలో పేరు ఎలా బయటపడుతుంది

మన ఊహా ఫ్యాక్టరీలో బయట కలిసింది 140 మందిని: నేపాల్ 75, బంగ్లాదేశ్ 55, మయన్మార్ 10. కనీసం పదిమంది లేని వరుసను చూపించకూడదని నియమం పెట్టుకున్నా, మయన్మార్ వరుస సరిగ్గా పదితో గట్టెక్కుతుంది. ఆ పదిమందీ పాస్‌పోర్టు తమ దగ్గర లేదన్నారనుకుందాం. "మయన్మార్: 100 శాతం" అని అచ్చువేస్తే, ఎవరు మాట్లాడారో తెలిసిన ప్రతి ఒక్కరి జవాబూ తెలిసిపోయినట్టే. గడి పెద్దదైనా చిన్నదైనా 0, 100 అనే అంకెలు రాయకూడదు, "దాదాపు అందరూ" అనాలి. చిన్న గుంపును వేరే గుంపుతో కలిపి చూపించడం ఇంకా నయం.

ఒక అంకెను దాచినా మొత్తం దాన్ని బయటపెడుతుంది. నేపాలీలలో లక్షకు పైగా కట్టినవారు ఎ భవనంలో 31, సి భవనంలో 22, బి భవనం గడి ఖాళీ, మొత్తం 57 అని పట్టిక ఉంటే, బి భవనంలో నలుగురని ఎవరైనా చెప్పగలరు. ఒక గడి దాస్తే రెండో గడిని కూడా దాచాలి, లేదా మొత్తం చూపించకూడదు.

అన్నిటికంటే తేలిగ్గా తప్పించుకుపోయేది రెండు నివేదికల మధ్య తేడా. ఈసారి కొందరిని కాక అందరినీ అడిగారనుకుందాం. మార్చిలో మయన్మార్ కార్మికులు 30 మందినీ అడిగితే 17 మంది ఏజెంటుకు డబ్బు కట్టామన్నారు. జులైలో కొత్తగా ముగ్గురు చేరాక 33 మందిని అడిగితే 20 మంది అన్నారు. రెండు నివేదికలనూ విడివిడిగా చూస్తే ఏ దోషమూ కనబడదు. పక్కపక్కన పెడితే కొత్తగా వచ్చిన ముగ్గురూ ఏం చెప్పారో యజమాని ఊహించగలడు, వాళ్ల పేర్లు అతని దగ్గర ఉన్నాయి. అందుకే రెండో నివేదిక అచ్చయ్యేముందు మొదటిదానితో తీసివేత చేసి చూడటం ఒకరి పనిగా పెట్టాలి. అంకెలను దగ్గరి ఐదుకు సవరిస్తే ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

చెల్లింపులను కచ్చితమైన అంకెలుగా కాక అంతరాలుగా చూపించాలి. 1,37,500 అన్న అంకె ఒక్కడిదే కావచ్చు. కార్మికుల మాటలను యథాతథంగా రాయడం చదవడానికి బాగుంటుంది గానీ, ఫ్యాక్టరీలో పనిచేసే లైన్ లీడర్‌కు ఆ మాటతీరు ఎవరిదో పోల్చడం కష్టం కాదు. ఎంత మంచి వాక్యమైనా వదిలేయాలి.

ఈ నియమాలన్నీ సర్వే చేయించే కంపెనీతో ఒప్పందంలో ముందే ఉండాలి. విడి జవాబులు ఎవరికీ ఇవ్వం, చూపించం, నివేదిక తప్ప ఏమీ రాదు అని రాసుకోకపోతే, ఫలితాలు చేదుగా ఉన్నప్పుడు "ఆధారాలు చూపించండి" అన్న ఒత్తిడి వస్తుంది. ఆ రోజున బృందానికి అడ్డు చెప్పే బలం ఉండదు.

డబ్బు తిరిగి ఇచ్చేటప్పుడు

ఇక్కడిదాకా కాపాడిన రహస్యం ఎక్కువగా ఈ చివరి మెట్టు దగ్గరే పగులుతుంది. రుసుము తిరిగి ఇవ్వాలని యజమాని ఒప్పుకున్నాక సహజంగానే "ఎవరికి ఎంత?" అని అడుగుతాడు. సర్వేలో ఎవరు ఎంత చెప్పారో చూసి ఇస్తే ఆ జాబితాయే నోరు విప్పినవారి జాబితా అవుతుంది. రెండు నెలల క్రితం హెచ్ఆర్ ముందు "సున్నా" అన్నవాడు ఇప్పుడు 1,50,000 తీసుకుంటే అబద్ధాలకోరన్న ముద్ర పడుతుంది.

దీనికి మార్గం వ్యక్తుల లెక్క కాకుండా గుంపు లెక్క కట్టడం. ఒకే దేశం నుంచి, ఒకే కాలంలో వచ్చినవారందరికీ ఒకే మొత్తం ఇస్తారు, సర్వేలో మాట్లాడినా మాట్లాడకపోయినా. మొత్తం ఎంతన్నది సర్వే జవాబుల నుంచి తేలుతుంది. నేపాలీ గుంపులో మధ్య విలువ 1,30,000 వచ్చిందనుకుందాం. అదే ఇస్తే సగం మందికి కట్టిన దానికంటే తక్కువ వస్తుంది. నూటికి డెబ్బై ఐదు మంది ఎంత లోపు కట్టారో చూసి, అది 1,55,000 అయితే ఆ మొత్తం అందరికీ ఇవ్వడం న్యాయానికి దగ్గరగా ఉంటుంది. పైన లెక్క వేసిన 1,50,000 కట్టిన మనిషికి అసలు పూర్తిగా వస్తుంది, వడ్డీలో కొద్ది భాగమే వస్తుంది. ఇంకా ఎక్కువ కట్టినవారు యజమానికి కాక బయటి సంస్థకు నేరుగా చెప్పుకునే దారి ఉండాలి. తక్కువ కట్టినవారికి కొంత ఎక్కువ ముడుతుంది. యజమానులు దీనికే అభ్యంతరం చెబుతారు, కానీ ఆ కాస్త అదనపు ఖర్చు లేకుండా ఎవరి పేరూ బయటపడకుండా చెల్లించే ఇంకో పద్ధతి కనబడదు.

డబ్బు జీతం పడే ఖాతాలోనే పడాలి, జీతం చీటీలో వేరే వరుసగా కనిపించాలి. చేతికి ఇచ్చిన నగదులో వాటా అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఖాతాలో పడినా హాస్టల్ పెద్దో ఏజెంటు మనిషో వచ్చి కొంత తిరిగి ఇమ్మన్న సందర్భం ఎదురుకావచ్చు. కాబట్టి చెల్లింపు అయిన మూడు నెలలకు కొందరికి, సర్వేలో కలిసినవారినీ కలవనివారినీ కలిపి, మళ్లీ ఫోన్ చేయాలి. మొత్తం చేతికి దక్కిందా, ఎవరైనా వెనక్కి అడిగారా అని.

దానితో పాటు 420 మందికీ సంబంధించిన ఓవర్‌టైమ్ గంటలు, షిఫ్టు మార్పులు, పని పాసు పునరుద్ధరణల జాబితాను యజమాని నుంచి ఆరు నెలలకు, ఏడాదికి ఒకసారి తెప్పించుకోవాలి. ఎవరి గురించి అడుగుతున్నామో తెలియకుండా అందరి వివరాలూ అడగాలి. తిరిగి కలవడానికి ఒప్పుకుని పేరు, నంబరు ఇచ్చినవారి వరుసలను బృందంలో ఆ ఫైలు ఉన్న మనిషే మిగతావారితో పోల్చి చూడాలి. మాట్లాడినవారి ఓవర్‌టైమ్ సగానికి పడిపోయినా, వారి పాసుల పునరుద్ధరణ మిగతావారికంటే ఎక్కువగా ఆగిపోయినా, ఎక్కడో జాడ దొరికిందన్నమాట. అప్పుడు ఆ పేర్లు చెప్పకుండా, ఆగిపోయిన పాసులన్నిటికీ కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని కొనుగోలుదారు కంపెనీ చేత అడిగించాలి. ఒప్పందంలో ఈ షరతు కూడా మొదటి రోజే ఉంటేనే అది సాధ్యం.